అమ్మకి హెర్బల్ డై పడలేదు, ఈ కొత్త ప్యాకెట్ లేబుల్ చూసి చెప్పండి: ఇది అసలు గోరింటాకేనా?

శ్రీవల్లి_నెల్లూరు
అందరికీ నమస్తే. మా అమ్మకి 58 ఏళ్లు. చాలా కాలంగా "బ్లాక్ హెన్నా" అని రాసి ఉండే పొడి వాడుతోంది. నీళ్లలో కలిపి అరగంట ఉంచి కడిగేస్తే జుట్టు నల్లగా వచ్చేసేది. ఇన్నాళ్లూ ఏమీ కాలేదు. ఈసారి పెట్టుకున్న మర్నాడు తల దురద మొదలైంది, చెవుల వెనక ఎర్రగా పొక్కులొచ్చాయి, ఆ తర్వాతి రోజు లేచేసరికి కనురెప్పలు ఉబ్బి కళ్లు తెరవలేకపోయింది. చర్మం డాక్టరు గారు మందులిచ్చి, ఇకమీదట ఆ డై జోలికి వెళ్లొద్దన్నారు. అమ్మేమో "నేను పెట్టుకున్నది హెన్నానే కదా, డై ఎక్కడిది?" అంటోంది. తెల్ల జుట్టుతో చెల్లెలి కొడుకు పెళ్లికి రానని పట్టుబట్టి కూర్చుంది.

ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఇంకో ప్యాకెట్ చూశాను. ముందువైపు ఆకుల బొమ్మ, "హెర్బల్ న్యాచురల్ బ్లాక్, అమ్మోనియా లేదు" అని ఉంది. పేజీలో పదార్థాలు ఇలా ఇచ్చారు, ఉన్నదున్నట్టు పెడుతున్నాను:

```
Ingredients: Henna (Lawsonia inermis), Barium Peroxide,
p-Phenylenediamine, Citric Acid, Amla, Bhringraj, Resorcinol
```

ఇది అమ్మకి వాడొచ్చా?

మైదాకు_మంగమ్మ
అమ్మాయ్, ప్యాకెట్లెందుకు? మా పెరట్లో చెట్టుంది. లేత ఆకు కోసి, కాస్త చింతపండు, ఒక వక్క వేసి రోట్లో మెత్తగా నూరి రాత్రి పెట్టుకుంటే తెల్లారేసరికి చేతులు ఎర్రగా పండుతాయి. ఆషాఢంలో మా ఇంటిల్లిపాదీ పెట్టుకుంటాం, నెలల పిల్లకి కూడా పాదాలకి చుక్కలు పెడతాం.

పద్మజ_ఖమ్మం
మంగమ్మగారూ, ఆమె అడుగుతున్నది తల గురించండీ, చేతుల గురించి కాదు.

శ్రీవల్లీ, నాకు తెలిసినంతలో జాబితాలో మొదట ఏది రాస్తే అదే ఎక్కువ ఉన్నట్టు. ఇక్కడ హెన్నా మొదట ఉంది, మిగతావి చిటికెడే ఉంటాయిలే. అయినా అనుమానం ఉంటే నేను చేసే పరీక్ష చెయ్యి. పొడి కలిపి గిన్నెలో ఉంచు. ముద్ద నల్లబడితే కెమికల్ ఉన్నట్టు, ఆకుపచ్చగానే ఉంటే స్వచ్ఛమైనది.

పాత_ల్యాబ్
శ్రీవల్లిగారూ, ఇది కొనకండి. అమ్మగారికి పడనిది ఏదో, అది ఈ జాబితాలో మూడో పేరుగా కూర్చుని ఉంది. నేను రిటైరయ్యే వరకు కాస్మెటిక్స్ నాణ్యత పరీక్షల్లోనే పనిచేశాను, ఇలాంటి పొడులు చాలా చూశాను. పేరు పేరునా చెబుతాను.

మొదటిది గోరింటాకు పొడి. అది నిజమే. కానీ గోరింటాకు తెల్ల వెంట్రుకకి ఇచ్చేది నారింజ ఎరుపు. ఎన్ని గంటలు ఉంచినా ఎరుపు ముదురుతుందే గానీ నలుపు రాదు. మరి ప్యాకెట్ మీద నలుపు అని ఎలా రాశారు? ఆ నలుపు మూడో పేరుది. పారా ఫినైలీన్ డయమైన్, అందరూ పీపీడీ అనేది. సీసాల్లో వచ్చే మామూలు డైల్లో ఉండేదీ ఇదే. రెండోది బేరియం పెరాక్సైడ్. సీసా డైలో రెండో సీసాగా డెవలపర్ ఇస్తారు కదా, పొడి డైలో ఆ పని ఇది చేస్తుంది. నీళ్లు తగలగానే పీపీడీని ఆక్సీకరించి వెంట్రుక లోపల నల్ల రంగుగా మారుస్తుంది. సిట్రిక్ యాసిడ్ పులుపు. చివర ఉన్న రిసార్సినాల్ పీపీడీతో కలిసి రంగు ఛాయని సరిచేసేది, అది కూడా కొందరికి పడదు.

పద్మజగారు చెప్పిన వరుస క్రమం సరైనదే. మన కాస్మెటిక్స్ నియమాలు, 2020 ప్రకారం బరువులో ఎక్కువ ఉన్నదాని నుంచి తక్కువకి రాయాలి, ఒక శాతం లోపు ఉన్నవి మాత్రం చివర్లో ఎలాగైనా రాసుకోవచ్చు. అయితే ఆ వరుసనే ఇంకోసారి చూడండి. పీపీడీ ఉసిరికీ గుంటగలగరకీ ముందుంది. అంటే ప్యాకెట్ ముందువైపు బొమ్మలు వేసిన ఆ ఆకులూ కాయలూ పీపీడీ కంటే తక్కువే పడ్డాయి. ఇక "చిటికెడే కదా" అన్నమాట అలర్జీ వచ్చిన మనిషి విషయంలో పనికిరాదు. శరీరం ఒకసారి దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుంటే తర్వాత చిటికెడుకే తిరగబడుతుంది. ఏళ్లపాటు పడిన మనిషికి హఠాత్తుగా పడకపోవడం ఇలాగే జరుగుతుంది. "అమ్మోనియా లేదు" అన్నది అబద్ధం కాదు. పొడి డైలో అమ్మోనియా మామూలుగానే ఉండదు, దానికీ పీపీడీకీ సంబంధం లేదు.

మంగమ్మగారూ, ఒక్క మాట. నెలల పిల్లలకి గోరింటాకు పెట్టొద్దండీ. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్న పసిపిల్లల్లో గోరింటాకు ఒంట్లోకి ఇంకి ఎర్ర రక్తకణాలు విరిగిపోయిన కేసులున్నాయి. ఆ లోపం ఉందో లేదో రక్తపరీక్ష చేస్తే గానీ తెలియదు.

మైదాకు_మంగమ్మ
అయ్యో, మాకెవ్వరూ చెప్పలేదు బాబూ. మనవరాలికి ఇక పెట్టను.

పద్మజ_ఖమ్మం
ల్యాబ్‌గారూ, లేబుల్ సంగతి ఒప్పుకుంటాను. మరి నా గిన్నె పరీక్ష? మా ఆడపడుచు కొన్న ప్యాకెట్ కలపగానే పైన నల్లగా తేలింది, కెమికలని పారేయించాను.

పాత_ల్యాబ్
ఆ ప్యాకెట్ మీద ఇండిగో అనో నీలి ఆకు అనో ఉందా? ఉంటే మంచి సరుకునే పారేయించారేమో.

నీలి ఆకు పొడి చూడ్డానికి ఆకుపచ్చగానే ఉంటుంది. గోరువెచ్చని నీళ్లు తగిలాక ఆకులోని పదార్థం విడుదలై, గాలి తగిలి నీలిమందుగా మారుతుంది. పది పదిహేను నిమిషాల్లో ముద్ద పైపొర ముదురు నీలంగా, చూసేవాళ్లకి నలుపనిపించేలా అవుతుంది. అది ఆకు తాజాగా ఉందనడానికి గుర్తు, పచ్చి బఠాణీ లాంటి వాసన కూడా వస్తుంది. గోరింటాకు ముద్ద కూడా కొన్ని గంటలకి పైన గోధుమ రంగుకి తిరుగుతుంది, లోపల పచ్చగానే ఉంటుంది. ఇనుప మూకుట్లో కలిపితే ఇంకా నల్లగా అవుతుంది, ఎందుకంటే ఆకులోని వగరు ఇనుముతో కలుస్తుంది. కాబట్టి గిన్నెలో ముద్ద రంగు చూసి తీర్పు చెప్పకూడదు. మరో సంగతి, ముద్ద ఎప్పటికీ పచ్చగానే ఉంటే అది పాతబడ్డ ఆకైనా కావచ్చు, పచ్చ రంగు కలిపిన పొడైనా కావచ్చు.

గిన్నె బదులు తెల్ల వెంట్రుక మీద చూడండి. దువ్వెనకి వచ్చిన తెల్ల వెంట్రుకలు ఒక కట్టగా కట్టి ముద్దలో ముంచి సరిగ్గా అరగంట ఉంచి కడగండి. గోరింటాకైతే అరగంటకి లేత నారింజ కూడా పూర్తిగా పట్టదు. నీలి ఒక్కటే అయితే బూడిద నీలమో ఆకుపచ్చో వస్తుంది. రెండూ కలిపితే గోధుమ రంగు వస్తుంది. అరగంటలో వెంట్రుక కాటుకలా నల్లగా వచ్చిందంటే అది ఆకు చేసే పని కాదు.

పార్లర్_రమణి
విజయవాడలో పార్లర్ నడుపుతున్నాను. ఈ "అరగంటలో నలుపు" అనే మాట దగ్గరే సగం తేలిపోతుంది. మా దగ్గరికి వచ్చేవాళ్లు "హెర్బలే వెయ్యి, కానీ నల్లగా రావాలి, గంటలో వెళ్లిపోవాలి" అంటారు. ఆ మూడూ ఒకేసారి కుదరవు. ఆకులతో నలుపు రావాలంటే గోరింటాకు ఒకసారి, దాని మీద నీలి ఇంకోసారి, పూట పోతుంది. ఒక్క ప్యాకెట్, ఒక్క కలపడం, అరగంట, నలుపు అని రాసి ఉంటే నేను వెనక్కి తిప్పి చదవకుండానే పక్కన పెట్టేస్తాను.

ఇంకో గుర్తు. పీపీడీ ఉన్న డై మీద, ముందుగా చర్మం మీద పరీక్షించమనీ, కనుబొమలకీ కనురెప్పల వెంట్రుకలకీ పెట్టొద్దు, చూపు పోవచ్చనీ హెచ్చరిక ఇంగ్లీషులో, స్థానిక భాషలో వేయాలని చట్టం ఉంది. "హెర్బల్" ప్యాకెట్ మీద ఆ వాక్యం చిన్న అక్షరాల్లో కనిపిస్తే లోపల ఏముందో తెలిసినట్టే.

పాత_ల్యాబ్
రమణిగారు చెప్పింది మంచి గుర్తు. కాకపోతే కొందరు స్వచ్ఛమైన ఆకు పొడి అమ్మేవాళ్లు కూడా జాగ్రత్తకి ఆ హెచ్చరిక వేస్తారు. హెచ్చరిక కనిపిస్తే జాబితా ఇంకోసారి చదవండి. లేదని మాత్రం ధీమా పడొద్దు.

కిరణ్_డబ్లిన్
నా అనుభవం కూడా రాస్తాను, శ్రీవల్లిగారికి పనికొస్తుంది. ఇండియాలో అన్నయ్య పెళ్లికి నల్ల కోన్ మెహందీ పెట్టించుకున్నాను, గంటలో నల్లగా పండింది. వారానికి డిజైన్ ఉన్నంత మేరా బొబ్బలు లేచాయి. కొన్నేళ్లకి ఇక్కడ "పీపీడీ లేదు" అని పెద్దగా రాసిన డై కొన్నాను. మళ్లీ అదే దురద, నుదురంతా వాపు. ఇక్కడి క్లినిక్‌లో వీపు మీద ప్యాచ్‌లు అంటించి చూసి చెప్పారు: కోన్‌లో ఉన్నది పీపీడీ, ఈ డైలో దాని బదులు టోల్యూన్ డయమైన్ వేశారు. రెండూ దగ్గరి చుట్టాలు, ఒకటి పడనివాళ్లలో చాలామందికి రెండోదీ పడదట. యూరప్‌లో పీపీడీ తల మీద పెట్టే వేళకి 2 శాతం మించకూడదు, చర్మం మీద వేసే మెహందీలో అసలే వాడకూడదు. అయినా నా వరకు ఆ 2 శాతమూ ఎక్కువే.

కాబట్టి "పీపీడీ లేదు" అన్న మాట చూసి ఆగిపోకండి. డయమైన్ అనీ, అమినోఫినాల్ అనీ ముగిసే పేర్లు ఏవున్నా అనుమానించండి.

అజయ్_కరీంనగర్
అన్నా, నాకు గడ్డం తెల్లబడుతుంది. నేను వాడేది బర్గండీ హెన్నా. నలుపు కాదు గదా, అందులో ఏముండదు అనుకుంటున్న. లేబుల్ మీద సోడియం పిక్రమేట్ అని ఒకటే తెల్వని పేరుంది.

పాత_ల్యాబ్
అజయ్‌గారూ, ఆ ఒక్క పేరే రంగు తెస్తోంది. సోడియం పిక్రమేట్ ఎర్ర ఛాయల కోసం వేసే సింథటిక్ రంగు. పీపీడీకి కావాల్సినట్టు దానికి పెరాక్సైడ్ అక్కర్లేదు, నేరుగా అంటుకుంటుంది. గోరింటాకు వల్ల వచ్చే ఎరుపు ఇటుక నారింజలా ఉంటుంది. ద్రాక్ష రంగు, వైన్ రంగు, మహాగని అని రాసిన "హెన్నా"ల్లో ఆ ఛాయ ఆకుది కాదు. గడ్డం దగ్గర ముఖ చర్మం పల్చన, పైగా అప్పుడప్పుడు గీసుకునే చోటు. ఆ ప్యాకెట్‌ని గడ్డానికి వాడొద్దనే చెబుతాను.

అజయ్_కరీంనగర్
అరె, మంచిగ చెప్పినవ్ అన్నా. ఇయ్యాల్నే ఆపేస్త.

శ్రీవల్లి_నెల్లూరు
అందరికీ చాలా థాంక్స్. ఆ ప్యాకెట్ వద్దనుకున్నాం. అమ్మకి ల్యాబ్‌గారి పోస్టు చదివి వినిపించాను, "ఉసిరికాయ కంటే ముందు రాశారా దాన్ని!" అంది. పాత ప్యాకెట్ అట్ట కూడా వెతికి తీస్తే అందులోనూ అవే పేర్లు ఉన్నాయి.

ఇప్పుడు రెండు విడి ప్యాకెట్లు చూశాను. ఒకదానిలో "లాసోనియా ఇనర్మిస్ ఆకు పొడి" ఒక్కటే, రాజస్థాన్‌లోని సోజత్ నుంచి వచ్చిందని ఉంది. రెండోదానిలో "ఇండిగోఫెరా టింక్టోరియా ఆకు పొడి" ఒక్కటే. ఇవి సరేనా? జాబితాలో లేనిది లోపల కలిపితే ఎలా తెలుస్తుంది?

పద్మజ_ఖమ్మం
ఆయుర్వేద లైసెన్స్ నంబరు ఉందో లేదో చూడు. ఆ నంబరు ఉంటే కెమికల్ కలపరు.

పాత_ల్యాబ్
పద్మజగారూ, ఇక్కడ మాత్రం మీతో ఒప్పుకోలేను. లైసెన్స్ నంబరు ఏ అనుమతి కింద, ఎవరు తయారుచేశారో చెబుతుంది. ఆ ప్యాకెట్‌ని ఎవరైనా పరీక్షించారని చెప్పదు.

శ్రీవల్లిగారూ, ఒక్కో ప్యాకెట్‌లో ఒక్కో ఆకు, శాస్త్రీయ నామంతో, ఆకు పొడి అని స్పష్టంగా, అదే సరైన పద్ధతి. "హెన్నా బేస్", "హెర్బల్ మిశ్రమం", "అనుమతించిన రంగు" లాంటి మాటలు ఉంటే వదిలేయండి. సోజత్ మెహందీకి 2021లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆకుకి మంచి పేరుంది. కానీ ఆ ఊరి పేరు ఎవరైనా అచ్చు వేయించుకోవచ్చు.

లేబుల్‌లో లేనిది కలిపారా అన్నదానికి ఇంట్లో పూర్తి జవాబు దొరకదు. కొంత మాత్రం పట్టుకోవచ్చు. తెల్ల టిష్యూ కాగితం తడిపి గోరింటాకు పొడి చిటికెడు చల్లండి. వెంటనే చిలకపచ్చ రంగు పాకితే అది కలిపిన రంగు. మంచి పొడి చుట్టూ మెల్లగా పసుపు గోధుమ అంచు వస్తుంది. ఒక గ్లాసు నీళ్లలో చెంచా పొడి కలిపి వదిలితే గరగరలాడే ఇసుక ఉంటే అడుగున బయటపడుతుంది. ఆ తర్వాత నేను చెప్పిన తెల్ల వెంట్రుకల కట్ట. అయితే ఎరుపు పెంచడానికి కాస్తే పీపీడీ వేస్తే వెంట్రుక నల్లబడకపోవచ్చు, అది ఇవేవీ పట్టవు. ల్యాబ్‌లో క్రొమటోగ్రఫీ చేస్తేనే తెలుస్తుంది.

అందుకే చర్మం మీద పరీక్ష తప్పదు. తల పూర్తిగా మానాక, డాక్టరు గారు సరేనన్నాక, మోచేతి మడత లోపల రూపాయి బిళ్లంత ముద్ద పెట్టి, ఆరాక కడిగి, రెండు మూడు రోజులు చూడండి. లేబుళ్ల మీద 24 గంటలని ఉంటుంది, కానీ ఈ రకం అలర్జీ రెండో రోజు, మూడో రోజు కూడా బయటపడుతుంది. గోరింటాకుకీ నీలికీ వేర్వేరుగా చేయండి, కలిపి చేస్తే ఏది పడలేదో తెలియదు. నీలి కూడా ఎక్కడో ఒకరికి పడదు. ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా ఇంట్లో ఉండకుండా ఆసుపత్రికి వెళ్లండి.

కిరణ్_డబ్లిన్
నాకైతే మోచేతి పరీక్ష మీద పూర్తి నమ్మకం లేదండీ. ఇంతకుముందు అంత గట్టిగా రియాక్షన్ వచ్చిన మనిషికి, అందులో ఏముందో తెలియని పొడి మళ్లీ చర్మానికి తగిలించడమే ఎందుకు? ముందు క్లినిక్‌లో ప్యాచ్ పరీక్ష చేయించి ఏది పడదో తేల్చుకోవడం మేలు.

పాత_ల్యాబ్
అందుబాటులో ఉంటే అదే ముందు చేయించండి, కాదనను. కానీ క్లినిక్ ప్యాచ్ పీపీడీ పడదని చెబుతుంది, ఈ ప్యాకెట్‌లో పీపీడీ ఉందో లేదో చెప్పదు. ఆ రెండో ప్రశ్న అలాగే మిగిలిపోతుంది.

కిరణ్_డబ్లిన్
అవును, దానికి నా దగ్గరా జవాబు లేదు.

పార్లర్_రమణి
పరీక్ష బాగా వస్తే పెట్టే పద్ధతి చెబుతాను. భుజాల దాకా జుట్టుకి 100 గ్రాముల గోరింటాకు పొడి, పావు లీటరు పైచిలుకు గోరువెచ్చని నీళ్లు, అర చెక్క నిమ్మరసం. పెరుగులా చిక్కగా కలిపి రాత్రంతా మూత పెట్టి ఉంచాలి. మర్నాడు నూనె లేని శుభ్రమైన జుట్టుకి పట్టించి రెండు మూడు గంటలుంచి, షాంపూ లేకుండా నీళ్లతో కడిగేయాలి. అప్పుడు తెల్ల జుట్టు నారింజగా కనిపిస్తుంది. అక్కడ చాలామంది బెంబేలెత్తి నల్ల డై కొనడానికి పరిగెత్తుతారు.

నీలి మాత్రం ముందు రోజు కలపకూడదు. 100 గ్రాములు గోరువెచ్చని నీళ్లలో చిటికెడు ఉప్పుతో కలిపి, పావుగంట ఆగి వెంటనే పెట్టేయాలి. నిమ్మరసం, పెరుగు, కాఫీ డికాషన్ ఏవీ వద్దు, పులుపు తగిలితే నీలి సరిగా పట్టదు. గంట నుంచి గంటన్నర ఉంచి నీళ్లతో కడగండి. మొదటి రోజు పచ్చ ఛాయ కనిపించినా రెండు మూడు రోజుల్లో నల్లబడుతుంది. అప్పటిదాకా షాంపూ పెట్టొద్దు. మొదటిసారికి ముదురు గోధుమ వస్తుంది, నిజంగా నలుపు కావాలంటే నీలి ఇంకోసారి పెట్టాలి. గోరింటాకు లేకుండా తెల్ల జుట్టుకి నేరుగా నీలి పెడితే పచ్చగానో నీలంగానో మిగిలిపోతుంది.

శ్రీవల్లి_నెల్లూరు
అప్‌డేట్ ఇస్తున్నాను. డాక్టరు గారిని అడిగాం, తల మానిపోయింది, విడివిడిగా పరీక్షించి చూసుకోమన్నారు. ప్యాకెట్లు వచ్చాయి. టిష్యూ మీద గోరింటాకు చుట్టూ పసుపు గోధుమ అంచే వచ్చింది. గ్లాసు అడుగున ఇసుక మాత్రం కొంచెం ఉంది. అమ్మ వెంట్రుకల కట్ట అరగంటకి దాదాపు తెల్లగానే ఉంది, మూడు గంటలకి నారింజ పట్టింది. దాని మీద నీలి పెడితే ముదురు గోధుమ వచ్చింది. మోచేతి మీద రెండు రోజులు గడిచినా గోరింటాకుకి ఏమీ లేదు. నీలి పెట్టిన చోట కాస్త ఎర్రగా ఉంది, దురద లేదు. అది నీలి మచ్చా, పడకపోవడమా తెలియట్లేదు.

పాత_ల్యాబ్
నీలి మచ్చ అయితే నీలంగానో బూడిద రంగుగానో ఉంటుంది గానీ ఎర్రగా ఉండదు. నీలి ఆపండి. ఫోటో తీసి డాక్టరు గారికి చూపించండి, ఎరుపు పూర్తిగా పోయాక ఆయన సరేనంటేనే ఇంకో చోట మళ్లీ చేయండి. ఈలోగా పెళ్లికి గోరింటాకు ఒక్కటే పెట్టుకోవచ్చు. ఇసుక ఉందన్నారు కాబట్టి పొడిని పల్చటి బట్టలో జల్లించి కలపండి.

శ్రీవల్లి_నెల్లూరు
సరేనండీ. అమ్మ నారింజకి ఒప్పుకోనంటోంది. రమణిగారూ, నీలి లేకుండా ఆ నారింజని కొంచెం ముదురు చేసే దారేమైనా ఉందా?

పార్లర్_రమణి
గోరింటాకు ఇనుప మూకుట్లో రాత్రంతా నానబెట్టి, అందులో రెండు చెంచాల ఉసిరి పొడి వేయండి. నారింజ కాస్త గోధుమ వైపు తిరుగుతుంది, నలుపు రాదు. ఉసిరి ప్యాకెట్ కూడా వెనక్కి తిప్పి చదివే కొనండి, అందులో ఉసిరి ఒక్కటే ఉండాలి. ముందు ఇంకో వెంట్రుకల కట్ట మీద వేసి అమ్మగారికి ఆ రంగు చూపించండి, ఆవిడే చెబుతారు.